పప్పు బస్తాలో పడ్డ పన్ను

వరంగల్ ధాన్యం గంజ్‌లో పప్పుల వ్యాపారి రామలింగం తక్కువ మాట్లాడేవాడు. కందుల బస్తాలో చెయ్యి పెట్టి, నాలుగు గింజలు తీసి పంటి కింద వేసి కొరికేవాడు. "బాగున్నయ్" అంటే బాగున్నట్టు. "తడి ఉన్నది" అంటే తడి ఉన్నట్టు. ఆ మాట మీద ఇంకో మాట ఎవరూ అనేవాళ్ళు కాదు.

అంతటి మనిషిని పదిహేను నెలల నుంచి ఒక్క పన్ను సతాయిస్తోంది. ఆ పన్ను ఆయనది కాదు. మనుమరాలు అరుణది.

అరుణకు ఎనిమిది నిండి తొమ్మిదో ఏడు సగం దాటింది. పైవరుసలో ఎడమ పక్క ముందుపన్ను పారలాగా వచ్చి నిలబడింది. కుడి పక్కది రాలేదు. ఆ జాగ ఖాళీ. బడికి పోయేముందు పొద్దున్నే దుకాణానికి వచ్చి, గల్లా ముందర నిలబడి పై పెదవి ఎత్తి చూపించేది.

"తాతా, వచ్చిందా?"

రామలింగం కండ్లద్దాలు ముక్కు మీదికి దించుకుని చూసేవాడు.

"వస్తది."

అంతే. ఆ పిల్ల ఆ ఒక్క మాట మూటగట్టుకుని బడికి పోయేది. బడిలో పోరగాండ్లు "కిటికీ, కిటికీ" అని పిలిచేవాళ్ళు. నవ్వు వస్తే చెయ్యి అడ్డం పెట్టుకునేది. మొదట నవ్వినప్పుడే పెట్టేది. తర్వాత మాట్లాడినా పెట్టేది. ఈ మధ్య పాఠం అప్పజెప్పమంటే లేచి నిలబడి ఊరుకుంటోందని పంతులు ఇంటికి కబురు పంపాడు. అయినా ఆమెకు తాత మాట మీద నమ్మకం పోలేదు. గంజ్ అంతా నమ్మే మాట కదా.

ఇంట్లో ఆ పన్ను కథ వేరే ఉంది. పాలపన్ను ఊడితే ఆవు పేడలో పెట్టి ఇంటి పెంకుల మీదికి విసరాలి. అప్పుడే కొత్త పన్ను వస్తుందని గిర్మాజీపేటలోని వాళ్ళ ఇంట్లో అందరికంటే గట్టిగా నమ్మింది రామలింగం భార్య సరస్వతమ్మ. అరుణ ఎడమ పాలపన్ను ఊడినప్పుడు ఆమే చేతిలో పెట్టి విసిరించింది. పది దినాలకు కుడి పక్కది ఊగుతుంటే, పిల్ల దుకాణంలో పప్పు బస్తాల మీద కూర్చుని బెల్లంగడ్డ కొరికింది. పన్ను పుటుక్కున ఊడి, మూతి విప్పిన నాలుగు కందిపప్పు బస్తాల్లో ఎందులోనో పడిపోయింది.

సరస్వతమ్మ చాట పట్టుకుని వచ్చి ఒక బస్తా అంతా చెరిగింది. పన్ను దొరకలేదు. "ఇంకో మూడు బస్తాలు కుమ్మరించు" అన్నది. రామలింగం కుమ్మరించలేదు. మరునాడు ఆ బస్తాలు అమ్ముడుపోయినయి. ఆనాటి నుంచి మొగుడూ పెండ్లాలకు అదే పంచాయితీ.

"పిల్ల పన్ను ఎవరి పప్పుచారుల ఉడికిందో! ఇంటి మీద పడని పన్ను ఎట్ల వస్తదయ్యా?"

"వస్తది."

"నువ్వు ఆ బస్తాలు కుమ్మరిస్తే నీ సొమ్మేం పోయేది?"

ఆయన కర్ర అందుకుని దుకాణానికి పోయేవాడు. కోడలు భారతి ఒకసారి, రెండుసార్లు, "మామయ్యా, పండ్ల డాక్టర్‌కు ఒక్కసారి చూపిద్దామా?" అని మెల్లగా అడిగింది. డాక్టర్ దగ్గరికి పోతే, తన మాట తప్పు, పెండ్లాం పప్పు మాట ఒప్పు అయినట్టే అని రామలింగానికి తోచింది. "వస్తదన్న గద" అన్నాడు. ఆ మాట మీద కొడుకు గోపాల్ కూడా నోరు మెదపలేదు. తండ్రి ముందర గోపాల్ నోరు మెదపడం అనేది అసలే లేదు.

ఇట్లా ఉండగా ఇంట్లో ఇంకో పండ్ల గోల మొదలైంది.

అరుణ తర్వాత చాన్నాళ్ళకు పుట్టిన పిల్లవాడు రాజేశ్వర్. పదమూడు నెలలు నిండినయి. నోట్లో ఒక్క పన్ను లేదు. గులాబీ రంగు చిగుళ్ళు చూపించి నవ్వేవాడు. గోడ పట్టుకుని నిలబడేవాడు, చెంబు దొరికితే తలకిందులు చేసేవాడు, "తాతా" అనేవాడు, పప్పన్నం చిగుళ్ళతోనే నలిపి మింగేవాడు. ఏ లోటూ లేదు. కానీ ఎదురింటి పిల్లకు ఎనిమిదో నెలకే నాలుగు పండ్లు వచ్చినయని సరస్వతమ్మకు తెలిసింది. ఇక ఆ దినం నుంచి ఇంట్లో అన్నం సరిగ్గా ఉడకలేదు.

ఒకరు మెడలో గవ్వ కట్టమన్నారు, కట్టింది. ఒకరు చిగురుకు తేనె రాయమన్నారు, రాసింది. ఒకరు వెండి గిన్నెలో అన్నం పెట్టమన్నారు, పెట్టింది. అన్నింటి తర్వాత మంత్రసాని మొగిలమ్మను పిలిచింది. మొగిలమ్మ పిల్లవాడి నోట్లో వేలు పెట్టి తడిమి, తల ఊపింది.

"చిగురు మందం గట్టింది సరస్వతమ్మా. లోపల పన్ను కొట్టుకుంటాంది, బయటికి రానిస్తలేదు. జర బ్లేడు తోని గీరితె రెండు దినాలల్ల మొలుస్తది. శుక్కురారం వస్త."

ఆ మాట విన్న భారతి పిల్లవాడిని గబుక్కున ఎత్తుకుని లోపలికి పోయింది. పదేండ్లు అత్త మాటకు ఎదురు చెప్పని మనిషి. ఆ సాయంత్రం రామలింగం అన్నానికి కూర్చున్నప్పుడు వంటింటి గడప దగ్గర నిలబడి అన్నది:

"మామయ్యా, నా పిల్లగాని నోట్ల బ్లేడు పెట్టనియ్య. ఏమనుకున్నా సరే."

"నీ పిల్లగాడేంది, నా మనుమడు గాడా?" సరస్వతమ్మ గంటె పట్టుకునే లేచింది. "నాకు లేదా ఫికర్? ఏడాది దాటినా పన్ను లేని పోరడు బువ్వ ఎట్ల తింటడు? ఇయ్యాల పండ్లు రాలే, రేపు మాటలు గూడ రాకుంటె?"

"మాటలు వస్తానయ్ గదత్తమ్మా!"

"పండ్లు లేని మాటలేం మాటలు!"

"గోపాల్, నువ్వేమంటవ్?" అని రామలింగం కొడుకును చూశాడు.

గోపాల్ మజ్జిగ కలుపుకుంటున్నాడు. "మీరెట్లంటె అట్ల, బాపూ."

రామలింగం చేతిలో ముద్ద మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాడు. ఆడవాళ్ళ గొంతులు రెండూ ఒకేసారి లేస్తున్నయి. పిల్లవాడు ఏడుస్తున్నాడు. కూరలో ఉప్పు లేదు. ఆయనకు విసుగు నడినెత్తికెక్కింది.

"రేపు హనుమకొండ పోదాం. పండ్ల డాక్టర్‌కు చూపిద్దాం. ఆయన వస్తయంటె ఊకుండాలె. మల్ల ఈ ఇంట్ల పండ్ల మాట వినపడొద్దు."

అరుణ గుంజ పక్కన నిలబడి వింటోంది. తన పన్ను గురించి ఎవరైనా ఏమైనా అంటారేమో అని చూసింది. ఎవరూ అనలేదు.

మరునాడు రెండు రిక్షాలు కట్టించారు. ముందు రిక్షాలో రామలింగం, అరుణ. పిల్లవాడి గుడ్డల సంచి పట్టుకోవడానికని సరస్వతమ్మే ఆమెను బడి మానిపించింది. వెనక రిక్షాలో అత్త, కోడలు, పిల్లవాడు. అంతదూరం వెనకనుంచి సరస్వతమ్మ గొంతు వినపడుతూనే ఉంది. రిక్షావాడు రెండుసార్లు తిరిగి చూసి, "సేటూ, వెనక రిక్షా బెల్లు కొట్టాల్సిన పని లేదు" అన్నాడు. రామలింగం నవ్వలేదు.

హనుమకొండ చౌరస్తా దగ్గర మెట్లెక్కి పోతే ఒక గది. అందులో పెద్ద ఇనుప కుర్చీ, కాలితో తొక్కే మర, అద్దం బీరువా. పండ్ల డాక్టర్ పేరు కట్టయ్య. ముప్పై ఏండ్లుంటాయి. మరిపెడ దగ్గర రైతు పోశయ్య కొడుకు. ఆ పోశయ్య ఇరవై ఏండ్లు తన కందులు రామలింగం దుకాణానికే తోలాడు. అప్పుడు బండి వెంట వచ్చిన ఆ పిల్లవాడే ఇప్పుడు హైదరాబాద్‌లో పండ్ల చదువు చదివి తెల్లకోటు వేసుకుని వచ్చాడు.

"సేటూ, నువ్వా! రా, కూసో. పంటి నొప్పా?"

"నాకెక్కడిది నొప్పి? మనుమడు."

కట్టయ్య చేతులు కడుక్కుని, భారతి ఒడిలోనే పిల్లవాడిని వెల్లకిల పడుకోబెట్టుకోమన్నాడు. చిటికెన వేలు పెట్టి కింది చిగురు మెల్లగా తడిమాడు. పిల్లవాడు ఆ వేలును గట్టిగా అదిమి చీకాడు.

"ఎన్ని నెలలు?"

"పదమూడు నిండినయ్" అన్నది భారతి.

"నిలబడతాండా? మాటలు? బరువు పెరుగుతాండా?"

"అన్నీ బాగనే ఉన్నయ్."

"ఈ పిల్లగాని నాయినకు పండ్లు ఎప్పుడొచ్చినయమ్మా?" అని సరస్వతమ్మను అడిగాడు.

సరస్వతమ్మ బింకంగా, "నా కొడుక్కు జల్ది వచ్చినయ్" అన్నది. రామలింగం ఆమె వైపు చూశాడు. ఆమె పైట సర్దుకుంది. "అంటె... పద్నాలుగో నెల పడ్డంక. బతుకమ్మ పండుగకు పన్ను లేదు. గప్పుడు మా అత్త గిట్లనే..." అని ఆగిపోయింది.

"గిట్లనే లొల్లి పెట్టింది" అన్నాడు రామలింగం.

కట్టయ్య నవ్వాడు. "అమ్మా, తండ్రికి ఆలస్యమైతే కొడుక్కు గూడ అవుడు ఉంటది. చానామంది పిల్లలకు ఆరో నెలకూ పదో నెలకూ నడుమ కింద ముందుపండ్లు రెండు వస్తయ్. తర్వాత పైవి. ఏడాది దాటినంక దవడపండ్లు మొదలైతయ్, కోరపండ్లు దాని తర్వాత. రెండున్నర, మూడేండ్లకు పాలపండ్లు ఇరవై నిండుతయ్. అంతకంటె జర ముందూ వెనకా అవుడు మామూలే. కొందరికి ఏడాది దాటినంకనే మొదటిది వస్తది. వీనికి చిగురు కింద అంచు తగుల్తనే ఉన్నది. ఏడాదిన్నర అయినా ఒక్కటి గూడ రాకపోతె అప్పుడు తీస్కరాండ్రి, చూద్దాం. దానికి ముందు ఫికర్ వద్దు."

"మరి మొగిలమ్మ చిగురు గీరుతనన్నది?"

కట్టయ్య ముఖంలో నవ్వు పోయింది. "గీరితె పన్ను రాదమ్మా. చీము వస్తది. ఆమె చేతికి ఏముంటదో, బ్లేడుకు ఏముంటదో తెల్వది. పోయిన ఎండకాలం ఒక పసిపాపను అట్లనే గీరి, ముఖమంత వాచినంక నా దగ్గరికి తెచ్చిండ్రు. చేతులెత్తి మొక్కుత, ఆ పని చెయ్యకుండ్రి. ఇంకో మాట. జొరమొస్తె, విరేచనాలైతె, పండ్ల కోసమే అని ఊకోకుండ్రి. పండ్లు జొల్లు కారిపిస్తయ్, చిరాకు పెట్టిస్తయ్, అంతే. జొరానికి వేరే డాక్టర్‌కు చూపియ్యాలె."

భారతి కండ్లు తుడుచుకుంది. పదిహేను దినాల బరువు దిగినట్టు పిల్లవాడిని భుజాన వేసుకుంది.

రామలింగం కర్ర అందుకున్నాడు. ఇంత విసుగులోనూ ఆయనకు ఒక సంతోషం కలిగింది. పెండ్లాం వైపు తిరిగి, "నేనేమన్న? వచ్చేటప్పుడు వస్తయన్న. వింటేగా!" అన్నాడు.

ఆ మాటకు, తాత గెలిచినందుకు, అరుణకు నవ్వు వచ్చింది. చెయ్యి గబుక్కున మూతికి అడ్డం పోయింది.

కట్టయ్య చూశాడు.

"చెయ్యి ఎందుకు బిడ్డా? తియ్యి."

అరుణ తాతను చూసింది. చెయ్యి తీయలేదు.

"అది గూడ వస్తది" అన్నాడు రామలింగం.

"ఏది?"

"పన్ను. ఒకటి రాలే. వస్తది."

"ఎవరు చెప్పిండ్రు సేటూ?"

"నేనే."

కట్టయ్య మళ్ళీ చేతులు కడుక్కున్నాడు. అరుణను ఎత్తి ఇనుప కుర్చీలో కూర్చోబెట్టాడు. చిన్న అద్దం పుల్ల నోట్లో పెట్టి, నడుమనుంచి వెనక్కి వేలుతో ఒక్కొక్క పన్నే లెక్కపెట్టాడు.

"పాత పన్ను ఎప్పుడు ఊడింది?"

"పదిహేను నెలలైతాంది" అన్నది భారతి.

"ఎడమ పక్కది వచ్చి?"

"ఏడాది దాటింది."

సరస్వతమ్మ ముందుకు వచ్చింది. "నేను చెప్త విను బిడ్డా. ఆ పన్ను పప్పుల పడ్డది. ఇంటి మీద పడలే. ఈయన బస్తాలు కుమ్మరియ్యలే..."

"అమ్మా, జర ఆగు."

"కుమ్మరిస్తె దొరుకుతుండె..."

"అమ్మా!" కట్టయ్య అద్దం పుల్ల గిన్నెలో టంగుమని వేశాడు. "పాలపన్ను పప్పుల పడ్డా, బాయిల పడ్డా, కడుపులకు పోయినా, కొత్త పన్నుకు ఏం సంబంధం లేదు. కొత్త పన్ను ఈమె పుట్టిన కొన్ని నెలల సంది దవడ ఎముకల తయారైతనే ఉన్నది. ఇంటి మీదినుంచి రాదు. పైనుంచి కిందికి రావాలె. ఇదిగో, చూడుండ్రి."

అరుణ దవడ వెనక వేలు పెట్టి చూపించాడు. "ఇది ఎప్పుడొచ్చిందో చెప్పుండ్రి."

ఎవరికీ తెలియదు.

"ఆరేండ్లప్పుడు వచ్చింది. ఏ పన్నూ ఊడకుండనే, పాల దవడపండ్ల వెనక, నాలుగు దిక్కుల నాలుగు. ఇవి పాలపండ్లు గావు, మల్ల రావు. నడుమనుంచి లెక్కపెడితె ఆరోది. వీటికి మీరు ఏం విసిరిండ్రమ్మా?"

సరస్వతమ్మ నోరు తెరిచి, మూసుకుంది. ఆమె అట్లా మూసుకోవడం రామలింగం నలభై ఏండ్లలో చూడలేదు. కానీ సంతోషించే తీరిక దొరకలేదు. కట్టయ్య ఆయన వైపే తిరిగాడు.

"సేటూ, కింద ముందుపండ్లు ఆరేడేండ్లకు, పైన ముందుపండ్లు ఏడెనిమిదేండ్లకు వస్తయ్. వాటి పక్కవి ఇంకో ఏడాదికి. ఒక్కొక్క పిల్లకు ఆరు నెలలు, ఏడాది అటో ఇటో అయితది. రెండు పక్కలా ఒక్క తీరు ఆలస్యమైతె నేను గూడ వస్తదనే చెప్త. కని ఈమెకు అట్ల గాదు. జోడు పన్ను వచ్చి ఏడాది దాటింది. ఆరు నెలలు ఆగొచ్చు, ఇంత ఆగొద్దు. ఇంకా చూడు, ఈ ఖాళీ జాగకు పక్కనున్న పన్ను మొలిచింది. నడిమిది రాకముందే పక్కది రావొద్దు. వరుస తప్పింది."

"తప్పితె?"

"మా నాయిన సాళ్ళు చూసినవ్ గద సేటూ. ఒక్కనాడే గింజ వేసినా అన్ని మొలకలు ఒక్కనాడే రావు. నాలుగు దినాలు ఆగుతం. కని సాలంత మొలిచి, నడుమ ఒక్క జాగ ఖాళీ ఉంటె? ముందటి మొలక పెరిగింది, వెనకటి మొలక పెరిగింది. అప్పుడు గూడ నా బాపు వస్తది, వస్తది అనుకుంట గట్టు మీద కూసుంటడా?"

రామలింగం మెల్లగా అన్నాడు. "తవ్వి చూస్తడు."

"ఏముంటది?"

"గింజన్న లేకుంటది. రాయన్న ఉంటది."

"గదే చూడాలె. పెద్ద దవాఖానల ఎక్స్‌రే తీపియ్యండ్రి."

ఇంటికి వచ్చేటప్పుడు కూడా ముందు రిక్షాలో తాతా మనుమరాలే. అరుణ సంచి ఒడిలో పెట్టుకుని రోడ్డు చూస్తోంది. ములుగు రోడ్డు దాటినాక అడిగింది.

"తాతా, నీకు తెలిసే వస్తదన్నవా, ఉత్తగనే అన్నవా?"

గంజ్‌లో ఇంతవరకు ఆయనను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. రామలింగం కర్ర పిడి తిప్పుతూ కూర్చున్నాడు. ఒక గింజ కొరకకుండా బస్తా మంచిదని ఆయన ఎన్నడూ అనలేదు. ఈ పిల్ల నోటి సంగతి మాత్రం కొరకకుండానే చెప్పాడు. అదీ నాలుగు వందల పొద్దులు.

"ఉత్తగనే అన్న" అన్నాడు. "తెల్వక."

అరుణ మళ్ళీ రోడ్డు వైపు తిరిగింది. తాత చెయ్యి పట్టుకోలేదు.

మూడు దినాల తర్వాత ఎక్స్‌రే ఫిల్మ్ వచ్చింది. కట్టయ్య దాన్ని కిటికీ వెలుతురుకు పట్టి, రామలింగాన్ని దగ్గరికి రమ్మన్నాడు. నల్లటి ఫిల్మ్ మీద తెల్లటి పండ్లు.

"ఇగో, ఇది రావాల్సిన పన్ను. మంచిగనే ఉన్నది. దీని తొవ్వల ఇదేందో చూడు."

కందిగింజ కంటే కొంచెం పెద్దదిగా, మొన దేలిన చిన్న పన్ను ఒకటి అడ్డంగా ఉంది.

"ఇది ఎక్కువ పన్ను సేటూ. కొందరికి లెక్కకు మించి ఒకటి పుడుతది. అంగిట్ల కూసొని తొవ్వ ఆపింది. ఇది ఉన్నంత కాలం అది రాదు. నువ్వు పదేండ్లు వస్తదన్నా రాదు."

"తీస్తె వస్తదా?"

కట్టయ్య వెంటనే జవాబు చెప్పలేదు. రామలింగానికి ఆ ఆలస్యం నచ్చలేదు. నచ్చకపోయినా, మాట తూచి చెప్పేవాడు ఇట్లాగే ఆగుతాడని ఆయనకు తెలుసు.

"వచ్చే ఆశ బాగ ఉన్నది. ఆ పన్ను వేరు ఇంకా పూర్తిగ కట్టలే, దానికి దిగే సత్తువ ఉన్నది. పక్క పండ్లు ఖాళీల జర వాలినయ్, కని తొవ్వ ఇంకా మూసుకపోలే. తీసినంక ఆరు నెలలు, ఏడాది గూడ పట్టొచ్చు. దానంతట అది రాకుంటె ఇంకో ఉపాయం చూడాలె. పోయిన ఏడు తెస్తె ఇంకా మంచిగుండేది."

చివరి మాట రామలింగానికి గుచ్చుకుంది. ఆయన ఫిల్మ్ వైపే చూస్తూ, "తియ్యి" అన్నాడు.

తీసే దినం సూది మందు ఇచ్చినప్పుడు అరుణ తాత బొటనవేలు పట్టుకుని పిసికింది. ఆ పట్టుకు ఆయన గోరు నల్లబడింది. రెండు కుట్లు పడినయి. కట్టయ్య ఆ చిన్న పన్నును దూదిలో చుట్టి భారతి చేతికి ఇచ్చాడు. అక్కడే తప్పు జరిగింది. పారవేసి ఉంటే పోయేది.

ఇంటికి వచ్చి చూస్తే సరస్వతమ్మ వాకిట్లో పేడముద్ద తయారు పెట్టుకుని నిలబడింది.

"ఇటియ్యి. ఈసారన్న ఇంటిమీద పడాలె."

"ఏందే?" అన్నాడు రామలింగం.

"పన్ను ఊడితె ఇసరాలె గద!"

"అది అడ్డం పన్ను. అది పోవాల్ననే తీపిచ్చినం."

"అయితేంది? పన్ను పన్నే."

రామలింగానికి విసుగు తన్నుకొచ్చింది. జీవితంలో ఎన్నడూ లేనంత పొడుగు మాట ఒకటి ఆయన నోట్లోంచి వచ్చింది. "ఇంటిమీదికి ఇసిరితె మల్లొస్తది అంటవు నువ్వే. ఈ దరిద్రప్పన్ను మల్ల రావాల్నా? మల్ల ఆ పిల్లకు సూదులు, కుట్లు, మల్ల హనుమకొండ? నీ లెక్కనే చెప్త విను, దీన్ని ఇసిరితె కొంప మునుగుతది!"

సరస్వతమ్మ పేడముద్ద చేతిలో పట్టుకుని నిజంగానే ఆలోచించింది. భారతి మొఖం తిప్పుకుని కొంగు నోట్లో కుక్కుకుంది.

"అవు గదా" అన్నది సరస్వతమ్మ. "అయితె ఏం చెయ్యాలె?"

"నన్నడుగుతవేందే?"

ఆమె తర్వాత ఏం చేసిందో ఆయన అడగలేదు.

పద్నాలుగో నెల నిండకముందే రాజేశ్వర్‌కు కింద రెండు పండ్లు మొలిచినయి. సరస్వతమ్మ వీధంతా చక్కెర పంచింది. గవ్వ మహిమ అని చెప్పింది. పిల్లవాడు తన పండ్ల పదును మొదట తాత వేలి మీదే చూసుకున్నాడు. నల్లబడిన గోరు పక్క వేలు.

అరుణ పొద్దున్నే దుకాణానికి రావడం మానేసింది. ఇరవై దినాలు రాలేదు. రామలింగం గల్లా దగ్గర కూర్చుని, కండ్లద్దాలు దించుకుని ఊరికే గడప వైపు చూసేవాడు. ఒకనాడు ఆయనే ఇంట్లో జడ వేయించుకుంటున్న పిల్ల దగ్గరికి పోయి నిలబడ్డాడు.

"ఏది, చూపియ్యి."

అరుణ పెదవి ఎత్తింది. ఆయన వంగి చూశాడు. బొటనవేలు కడుక్కుని వచ్చి చిగురు మీద మెల్లగా రాసి చూశాడు.

"ఇయ్యాల లేదు" అన్నాడు.

వస్తది అనలేదు. అరుణ ఆయన ముఖం కాసేపు చూసింది. మరునాడు పొద్దున తనే దుకాణానికి వచ్చింది.

ఆనాటి నుంచి రోజూ అదే. చేతులు కడగడం, చూడడం, "ఇయ్యాల లేదు." వానకాలం పోయింది. దసరా పోయింది. నడుమ రెండుసార్లు కట్టయ్య దగ్గరికి పోయి వచ్చారు. ఆయన తడిమి "కిందికి దిగుతాంది, ఆగుండ్రి" అన్నాడు. ఆ మాట కూడా రామలింగం పిల్లకు తన మాటగా చెప్పలేదు. "డాక్టర్ దిగుతాందన్నడు" అని చెప్పాడు.

ఏడో నెలలో, చలి మొదలైనాక, ఒక పొద్దున ఆయన వేలికి ఏదో గరుకుగా తగిలింది. వేలు తీసి, కండ్లద్దాలు తుడుచుకుని మళ్ళీ పెట్టాడు. చిగురులోంచి తెల్లటి అంచు, బియ్యపు గింజంత.

ఆయన అరుణ వేలు పట్టి అక్కడ పెట్టాడు.

అరుణ కండ్లు పెద్దవైనయి. "తాతా!"

ఇల్లంతా పోగైంది. గోపాల్ కూడా వచ్చి చూసి, ఎవరూ అడగకుండానే "వచ్చింది బాపూ" అన్నాడు. సరస్వతమ్మ అందర్నీ తోసుకుని వచ్చి పెదవి ఎత్తి చూసింది. చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది.

"అయ్యో, ఏందయ్యా ఇది! పన్ను అంచు రంపం లెక్క మూడు మొనలున్నయ్! విరిగొచ్చింది! నేనా ఎక్కువపన్నును బాయిలెయ్యకుండ గూట్ల దాచిన. గందుకే గిట్లయింది!"

"గూట్ల దాచినవా?"

"ఏమో, అవసరముంటదేమో అని..."

రామలింగం నోరు తెరిచాడు. కొత్త పన్ను అంచు అట్లాగే ఉంటుందేమో, ఎడమ పక్కది వచ్చినప్పుడూ ఇట్లాగే ఉండెనేమో, కొరికి కొరికి అరిగిందేమో. ఆయనకు లీలగా గుర్తుంది. "ఏం గాదు" అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది.

మింగాడు. కర్ర అందుకున్నాడు.

"రిక్షా పిలువు గోపాల్. డాక్టర్‌ను అడుగుదాం."

రిక్షాలో అరుణ తాత చెయ్యి పట్టుకుంది. వెనక రిక్షాలోంచి సరస్వతమ్మ గొంతు వినపడుతూనే ఉంది. రిక్షావాడు తిరిగి చూసి బెల్లు మాట మళ్ళీ అన్నాడు. అరుణ పకపకా నవ్వింది. రెండు చేతులూ తాత చేతి మీదే ఉన్నయి.